పిల్లలు టీవీ చూసే సమయానికి రోజువారీ పరిమితి పెట్టడం ఎలా?

పిల్లల టీవీకి పరిమితి పెట్టాలనుకునే తల్లిదండ్రుల మనసులో సాధారణంగా రెండు కోరికలు కలగలిసి ఉంటాయి. రోజుకు గంటకు మించి చూడకూడదన్నది మొదటిది. బడి నుంచి రాగానే టీవీ ముందు కూర్చోకూడదు, పడుకునే వేళకు అది ఆగిపోవాలి అన్నది రెండోది. మొదటిది ఎంతసేపు అన్న లెక్క, రెండోది ఏ వేళ అన్న నియమం. ఈ రెండింటినీ విడదీసి చూడకపోవడం వల్లనే చాలా ఇళ్లలో ఏర్పాట్లు వారం తిరగకుండానే పక్కకు పోతాయి. ఎంతసేపు అన్నది బాగా లెక్కపెట్టగలిగేది టీవీ, ఎందుకంటే తెర మీద ఎవరి ప్రొఫైల్ నడుస్తోందో దానికే తెలుసు. ఏ వేళ అన్నది గట్టిగా అమలు చేయగలిగేది రూటర్, ఎందుకంటే ఇంటర్నెట్ దాని గుండానే టీవీకి చేరాలి. అయితే టీవీ ముందు కూర్చున్నది పిల్లలా పెద్దలా అన్నది రూటర్‌కు తెలియదు. ఈ తేడాను పట్టుకుంటే తక్కిన పని సులువవుతుంది.

వివరంగా చెప్పడానికి ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. ఏడేళ్ల పాప, పదకొండేళ్ల బాబు ఉన్నారు. హాల్లో ఒకే టీవీ ఉంది, అది గూగుల్ టీవీ వ్యవస్థతో నడుస్తుంది. పిల్లలు మధ్యాహ్నం 3:30కు ఇంటికి వస్తారు, తల్లిదండ్రులు సాయంత్రం 6 గంటలకు వస్తారు. బడి ఉన్న రోజుల్లో ఒక గంట, సెలవు రోజుల్లో గంటన్నర చూడనివ్వాలని, సాయంత్రం 5:30 లోపు అసలు పెట్టకూడదని, రాత్రి 8:30 తర్వాత పిల్లలకు టీవీ ఉండకూడదని వారు నిర్ణయించుకున్నారు. పిల్లలు పడుకున్నాక 9 గంటల నుంచి పెద్దవాళ్లు అదే టీవీలో సినిమా చూస్తారు. ఈ చివరి వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, మన ఏర్పాటు రూపాన్ని చాలావరకు అదే నిర్ణయిస్తుంది.

ఎంత సమయం ఇవ్వాలన్నది మీ ఇంటి నిర్ణయం. మరీ చిన్నపిల్లల విషయంలో మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి: ఏడాది వయసు పిల్లలకు తెర వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంటకు మించవద్దు, అంతకన్నా తగ్గితే ఇంకా మంచిది.

మొదటి అడుగు: టీవీలోకి బొమ్మ ఏయే దారుల్లో వస్తోందో కాగితం మీద రాయండి

సెట్టింగ్స్ తెరవకముందే ఈ పని చేయాలి. టీవీలోని యాప్‌లు ఒక దారి. కేబుల్ లేదా డిష్ సెట్‌టాప్ బాక్స్ రెండో దారి. టీవీ వెనక గుచ్చిన స్ట్రీమింగ్ స్టిక్, గేమ్ ఆడే పెట్టె, పాటలూ సినిమాలూ నింపిన పెన్‌డ్రైవ్, ఫోన్ నుంచి టీవీకి పంపే వీడియో, ఇవన్నీ విడివిడి దారులు. టీవీలోని పిల్లల ప్రొఫైల్ ప్రధానంగా యాప్‌ల దారిని కాపలా కాస్తుంది. రూటర్ ఇంటర్నెట్ దారిని మాత్రమే మూస్తుంది కాబట్టి సెట్‌టాప్ బాక్స్‌నూ, పెన్‌డ్రైవ్‌నూ అది ఏమీ చేయలేదు. మీ పిల్లలు ఎక్కువగా చూసేది కేబుల్ చానళ్లే అయితే, రూటర్‌లో ఎంత జాగ్రత్తగా నియమం రాసినా ప్రయోజనం ఉండదు. అప్పుడు సెట్‌టాప్ బాక్స్‌లో ఉండే పిన్ తాళాన్ని వాడుకోవాలి.

మన ఉదాహరణలోని ఇంట్లో పిల్లలు చూసేదంతా టీవీలోని యాప్‌లలోనే ఉంది. సెట్‌టాప్ బాక్స్ ఉంది కానీ, మధ్యాహ్నం పూట ఇంట్లో ఉండే పెద్దావిడ ఒకరు దానిలో వార్తలు చూస్తారు. రూటర్ నియమం ఆమె వార్తలకు అడ్డు రాదు. ఒక కోణంలో అది లోపమైనా, ఈ ఇంటికి మాత్రం అదే కావలసింది.

రెండో అడుగు: టీవీలో పిల్లల ప్రొఫైల్ పెట్టి గంటల లెక్క దానికి అప్పగించండి

గూగుల్ టీవీ హోమ్ తెర మీద పై మూలన ఉన్న మీ ప్రొఫైల్ బొమ్మను ఎంచుకుని, ఖాతా చేర్చే చోటుకు వెళితే “Add a kid” అన్న అవకాశం కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుంటే బిడ్డ పేరు, వయసు అడిగి, మీ గూగుల్ ఖాతా పాస్‌వర్డ్‌తో మీరే తల్లి లేదా తండ్రి అని నిర్ధారించుకుని, ఏయే యాప్‌లు ఆ ప్రొఫైల్‌లో ఉండాలో ఎంచుకోమంటుంది. బిడ్డకు ఇంతకుముందే మీ కుటుంబ గ్రూపులో గూగుల్ ఖాతా ఉంటే దాన్నే ఎంచుకోవచ్చు. యాప్‌ల జాబితాను మొదట్లో చిన్నదిగా ఉంచండి. తర్వాత చేర్చడం తేలిక, ఇచ్చినదాన్ని తీసేయడం కష్టం.

ప్రొఫైల్ తయారయ్యాక దాని సెట్టింగ్స్‌లో “Screen time” అన్న భాగం తెరవండి. టీవీ తయారీదారును బట్టి, సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ను బట్టి ఇది ఒకటి రెండు మెనూల లోపల ఉండవచ్చు, కానీ పేరు ఇదే. అందులో రోజువారీ పరిమితి, పడుకునే వేళ అని రెండు విడి అమరికలు ఉంటాయి. రోజువారీ పరిమితిలో సోమవారం నుంచి శుక్రవారం దాకా గంట చొప్పున, శని ఆదివారాలకు గంటన్నర చొప్పున పెట్టండి. పడుకునే వేళను రాత్రి 8:30కు మొదలయ్యేలా, మరుసటి ఉదయం మీకు నచ్చిన సమయానికి ముగిసేలా పెట్టండి. సమయం దగ్గరపడుతున్నప్పుడు తెర మీద మూడుసార్లు హెచ్చరిక వస్తుంది, ఆ తర్వాత సమయం అయిపోయిందని చూపే తెర వచ్చి ప్రొఫైల్ మూసుకుంటుంది. మీరు కావాలనుకుంటే అప్పుడు బోనస్ సమయం ఇవ్వవచ్చు.

పడుకునే వేళను రూటర్‌లో కాకుండా ఇక్కడ పెట్టమనడానికి కారణం ఉంది. 8:30కు రూటర్ టీవీకి ఇంటర్నెట్ ఆపేస్తే 9 గంటలకు పెద్దవాళ్ల సినిమా కూడా ఆగిపోతుంది. అప్పుడు రెండు మూడు రాత్రులు విసుక్కుని, నాలుగో రాత్రి ఎవరో ఒకరు ఆ నియమాన్ని తీసేస్తారు. ప్రొఫైల్ అయితే పిల్లలకు మాత్రమే మూసుకుంటుంది, పెద్దల ప్రొఫైల్ మామూలుగా నడుస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన చిన్న అమరిక: ప్రొఫైల్ లాక్. పిల్లల ప్రొఫైల్ నుంచి పెద్దల ప్రొఫైల్‌లోకి మారాలంటే పిన్ అడిగేలా ఇది చేస్తుంది. ఇది లేకపోతే గంట పూర్తయిన మరుక్షణం పిల్లలు రెండు బటన్లు నొక్కి అమ్మ ప్రొఫైల్‌లోకి వెళ్లి చూస్తూ కూర్చోవచ్చు, లెక్కించేవారు ఉండరు. పిన్‌గా పుట్టిన సంవత్సరం, బండి నంబరు, ఫోన్ తాళపు అంకెలు పెట్టకండి. రిమోట్‌తో అంకెలు నొక్కేటప్పుడు పక్కన కూర్చున్న బిడ్డకు వేలి కదలిక కనిపిస్తుందన్న సంగతి పెద్దలు తరచు మరచిపోతారు. పిన్ తెలిసిపోయిందని అనుమానం వస్తే పిల్లలు ఇంట్లో లేనప్పుడు మార్చండి.

దీనితోపాటు ఒక అలవాటు కూడా చేసుకోవాలి. రాత్రి సినిమా అయ్యాక టీవీని పెద్దల ప్రొఫైల్‌లోనే ఆపేస్తే, మర్నాడు బిడ్డ టీవీ పెట్టగానే ఆ ప్రొఫైలే తెరుచుకోవచ్చు. అందుకని ఆపే ముందు పిల్లల ప్రొఫైల్‌కు మార్చి ఆపండి. పరిమితి పనిచేయడం లేదని అనేవారి ఇళ్లలో ముందు చూడవలసింది యంత్రాన్ని కాదు, రాత్రి చివరగా టీవీ ఆపినవారు దాన్ని ఏ ప్రొఫైల్‌లో వదిలారన్నది.

ఇద్దరు పిల్లలుంటే ఒక చిక్కు

ఇద్దరు పిల్లలకు రెండు ప్రొఫైల్స్ పెట్టి చెరొక గంట ఇవ్వడం న్యాయంగానే కనిపిస్తుంది. మేము కూడా మొదట అలాగే చేశాం. వారం తర్వాత చూస్తే పిల్లలిద్దరూ పక్కపక్కన కూర్చుని, మొదట ఒకరి ప్రొఫైల్‌లో గంట, తర్వాత రెండోవారి ప్రొఫైల్‌లో గంట, కలిపి రెండు గంటలు చూస్తున్నారు. వారు మోసమేమీ చేయలేదు, మేమిచ్చిన లెక్క ప్రకారమే చూశారు. ప్రొఫైల్ తన సమయాన్ని మాత్రమే లెక్కపెడుతుంది, గదిలో ఎందరున్నారో దానికి పట్టదు.

ఒకే టీవీ, కలిసి చూసే పిల్లలు ఉన్న ఇంట్లో ఇద్దరికీ కలిపి ఒకే ప్రొఫైల్ పెట్టడం మేలని నా అభిప్రాయం. అప్పుడు యాప్‌లనూ, వాటిలోని వయసు స్థాయినీ చిన్నబిడ్డకు తగినట్టు పెట్టాలి, పెద్దవాడికి అది కొంత చప్పగా అనిపించవచ్చు. వాడి కోసం వారానికి ఒక సినిమా పెద్దల ప్రొఫైల్‌లో, మీరు పక్కన కూర్చుని చూపిస్తే ఆ లోటు చాలావరకు తీరుతుంది. ఇద్దరి మధ్య వయసు తేడా ఎక్కువై, వేర్వేరు వేళల్లో చూసే అలవాటు ఉంటే రెండు ప్రొఫైల్స్ ఉంచండి, కానీ ఒక్కొక్కదానికి మీరనుకున్న దానిలో సగమే ఇవ్వండి. మన ఉదాహరణలోని ఇల్లు ఒకే ప్రొఫైల్ దారిని ఎంచుకుంది.

ఇలాంటిదే మరొక సంగతి: పిల్లల పరికరాలను తల్లిదండ్రులు అదుపులో పెట్టుకునే గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్‌లో ఫోన్లకూ టాబ్లెట్లకూ పెట్టే రోజువారీ పరిమితి పరికరం వారీగా లెక్కకు వస్తుంది. గంట అని పెట్టి ఇంట్లో రెండు పరికరాలు ఉంచితే, బిడ్డకు ఒక్కొక్కదానిలో ఒక్కొక్క గంట దొరుకుతుంది. టీవీలో గంట ముగిశాక టాబ్లెట్ చేతికి వెళుతుందా అన్నది మీరు ముందే ఆలోచించి ఆ సమయాన్ని తగ్గించాలి.

గంట అంటే నిజంగా ఎంత?

పిల్లలు చూసే కథ ఒక్కో భాగం 22 నిమిషాలు ఉందనుకుందాం. రెండు భాగాలు చూస్తే 44 నిమిషాలు అవుతాయి. మూడోది మొదలై 16 నిమిషాలు నడిచాక, కథ రసపట్టులో ఉన్నప్పుడు, తెర మూసుకుంటుంది. ఆ క్షణంలో వచ్చే ఏడుపు మొండితనం వల్ల వచ్చింది కాదు, మనం పెట్టిన అంకె వల్ల వచ్చింది. అందుకని పరిమితిని గుండ్రటి అంకెగా కాకుండా, పిల్లలు చూసే భాగాల నిడివిని బట్టి పెట్టండి. రెండు భాగాలు చాలనుకుంటే 50 నిమిషాలకు దగ్గరగా, మూడు చూడనివ్వాలనుకుంటే 70 నిమిషాలకు దగ్గరగా, మీ టీవీ అనుమతించే మెట్టులో ఎంచుకోండి. ఆ పైన మిగిలే నాలుగు నుంచి ఆరు నిమిషాలు మెనూలో వెతుక్కోవడానికి సరిపోతాయి. వీడియో ఆపి నీళ్లు తాగడానికి వెళ్లిన సమయం కూడా లెక్కలో పడుతోందా అన్నది మొదటి రోజే గడియారం పెట్టి చూసుకుని పిల్లలకు చెప్పండి. తెలియక నిమిషాలు పోగొట్టుకుంటే వారికి అన్యాయం జరిగినట్టు అనిపిస్తుంది, అది సహజం.

తర్వాతి భాగం దానంతటదే మొదలయ్యే ఆటోప్లేను కూడా ఆపేయండి. యూట్యూబ్‌లోనూ నెట్‌ఫ్లిక్స్‌లోనూ దీనికి అమరిక ఉంది. ఆటోప్లే ఆగితే రెండు భాగాల మధ్య చిన్న విరామం దొరుకుతుంది, మూడోది మొదలుపెట్టాలా వద్దా అన్నది బిడ్డ నిర్ణయించుకోగలుగుతుంది.

పిల్లల ప్రొఫైల్ లేని పాత టీవీలలో చాలావాటికి స్లీప్ టైమర్ మాత్రమే ఉంటుంది. అది రోజువారీ పరిమితి కాదు. మీరు పెట్టిన నిమిషాలు అయ్యాక టీవీని ఆపుతుంది, బిడ్డ మళ్లీ రిమోట్ నొక్కితే అది తిరిగి వెలుగుతుంది. అలాంటి టీవీకి పిల్లల ప్రొఫైల్ ఉన్న స్ట్రీమింగ్ పెట్టెను జోడించడమో, కింద చెప్పబోయే రూటర్ పద్ధతి మీద ఆధారపడడమో చేయాలి.

మూడో అడుగు: రూటర్‌లో వేళల నియమం రాయండి

మన ఇంటికి రూటర్ నుంచి కావలసింది ఒక్కటే: సోమవారం నుంచి శుక్రవారం దాకా, తల్లిదండ్రులు ఇంట్లో లేని మధ్యాహ్నపు వేళ, సాయంత్రం 5:30 వరకు, ఆ టీవీకి ఇంటర్నెట్ అందకూడదు.

రూటర్ ప్రతి పరికరాన్నీ మ్యాక్ అడ్రస్ అనే గుర్తింపుతో చూస్తుంది. అది `AA:BB:CC:11:22:33` ఆకారంలో, రెండేసి అక్షరాలు లేదా అంకెలుగా ఆరు జతల్లో ఉంటుంది. టీవీ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ వివరాల దగ్గరో, టీవీ గురించిన సమాచారం దగ్గరో ఇది కనిపిస్తుంది. టీవీకి సాధారణంగా రెండు మ్యాక్ అడ్రస్‌లు ఉంటాయి, వైఫైకి ఒకటి, కేబుల్ గుచ్చే ఈథర్‌నెట్‌కు ఒకటి. రెండూ రాసుకుని రెండింటికీ నియమం పెట్టండి, లేకపోతే వైఫై ఆగిన రోజు రూటర్ నుంచి ఒక కేబుల్ లాగి గుచ్చితే టీవీ మళ్లీ నడుస్తుంది. పదకొండేళ్ల పిల్లవాడికి ఆ ఆలోచన రావడానికి ఎక్కువ కాలం పట్టదు. స్ట్రీమింగ్ స్టిక్ ఉంటే దానికి వేరే అడ్రస్ ఉంటుంది, దాన్నీ చేర్చాలి.

తర్వాత ఇంటి వైఫైలో ఉన్న ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో బ్రౌజర్ తెరిచి రూటర్ చిరునామా కొట్టండి. చాలా రూటర్లకు అది `192.168.0.1` లేదా `192.168.1.1`. రెండూ తెరుచుకోకపోతే ఫోన్ వైఫై వివరాల్లో గేట్‌వే అని రాసి ఉన్న అంకెలే రూటర్ చిరునామా. లోపలికి వెళ్లడానికి కావలసిన పేరు, పాస్‌వర్డ్ తరచు రూటర్ అడుగున అంటించిన చీటీ మీద ఉంటాయి. అవి పిల్లలకూ కనిపిస్తాయి కాబట్టి లోపలికి వెళ్లగానే ఆ పాస్‌వర్డ్‌ను మార్చండి. ఈ పని చేయకుండా నియమం రాయడం, తలుపుకు తాళం వేసి తాళంచెవి గుమ్మానికే వేలాడదీయడంలాంటిది.

నియమం రాసే ముందు రూటర్ గడియారాన్ని చూడండి. చాలామంది దీన్ని దాటిపోతారు. సిస్టమ్ లేదా టైమ్ సెట్టింగ్స్ అన్న పేజీలో ప్రస్తుత తేదీ, సమయం కనిపిస్తాయి. చాలా ఇంటి రూటర్లలో గోడ గడియారంలోలా బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అవి ఇంటర్నెట్ నుంచి సమయం తెచ్చుకోవాలి. అలా తెచ్చుకునే అమరిక ఆపేసి ఉన్నా, టైమ్ జోన్ తప్పుగా ఉన్నా, మీరు 3:15 అని రాసిన నియమం ఏ తెల్లవారుజామునో అమలవుతుంది. సమయాన్ని ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునే అమరికను ఆన్ చేసి, టైమ్ జోన్ సరిచేసి, పేజీని మళ్లీ తెరిచి చేతి గడియారంతో పోల్చుకోండి.

ఇప్పుడు “Parental Controls”, “Access Control”, “Time Schedule” లాంటి పేర్లలో మీ రూటర్‌లో ఉన్నదాన్ని తెరవండి. అక్కడ ఒక కొత్త నియమం చేర్చి, టీవీ మ్యాక్ అడ్రస్‌లను ఎంచుకుని, సోమవారం నుంచి శుక్రవారం వరకు గుర్తుపెట్టి, మొదలు 15:15 అని, ముగింపు 17:30 అని రాసి సేవ్ చేయండి. కొన్ని రూటర్లలో వారమంతా గడులుగా కనిపిస్తుంది, వేలితోనో మౌస్‌తోనో గడులకు రంగు వేయాలి. ఆ రంగుకు అర్థం ఆపే సమయమా, అనుమతించే సమయమా అన్నది పేజీ మీది సూచన చదివి తేల్చుకోండి. ఇది రూటర్‌కూ రూటర్‌కూ మారుతుంది, తలకిందులుగా చేస్తే టీవీ ఆ రెండుంబావు గంటలు మాత్రమే పనిచేసి తక్కిన రోజంతా మూగబోతుంది.

పిల్లలు 3:30కు వస్తుంటే 3:15కే మొదలుపెట్టడానికి కారణం ఉంది. కొన్ని రూటర్లలో నియమం కొత్తగా మొదలయ్యే కనెక్షన్లనే ఆపుతుంది, అప్పటికే నడుస్తున్న వీడియో కనెక్షన్ తెగదు. టీవీ పెట్టకముందే నియమం అమల్లోకి వస్తే ఈ చిక్కు ఎదురుకాదు. ఇక రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అంటూ అర్ధరాత్రి దాటే నియమం ఎవరికైనా కావాలంటే, కొన్ని రూటర్లు దాన్ని ఒకే నియమంగా తీసుకోవు. 21:00 నుంచి 23:59 వరకు ఒకటి, 00:00 నుంచి 06:00 వరకు ఒకటి, రెండుగా రాయాలి. రెండోదానికి రోజులు గుర్తుపెట్టేటప్పుడు అది మరుసటి రోజు తెల్లవారుజామున్న సంగతి గుర్తుంచుకోండి.

రూటరే రోజుకు ఇన్ని నిమిషాలని లెక్కపెట్టే సౌకర్యం కూడా కొన్నిటిలో ఉంటుంది. అది చూసి టీవీలోని పరిమితి అక్కరలేదనుకోవద్దు. ఆపేసినట్టు కనిపించే టీవీ కూడా అప్‌డేట్ల కోసం అప్పుడప్పుడు ఇంటర్నెట్‌ను పలకరిస్తూనే ఉంటుంది. రూటర్‌కు తెలిసేది టీవీ ఇంటర్నెట్ వాడిందని మాత్రమే కాబట్టి, ఎవరూ చూడని నిమిషాలు కూడా పిల్లల ఖాతాలో పడే అవకాశం ఉంది. పైగా పెద్దవాళ్ల సినిమా కూడా ఆ లెక్కలోనే కలుస్తుంది. టాబ్లెట్ ఒక్క బిడ్డదే అయితే దానికి ఈ సౌకర్యం బాగానే పనికొస్తుంది, అందరూ చూసే టీవీకి పనికిరాదు.

నాలుగో అడుగు: పిల్లల ముందు పెట్టకముందు మీరే పరీక్షించండి

నియమం రాసిన రోజే, దాని మొదలు సమయాన్ని తాత్కాలికంగా ఇప్పటినుంచి ఐదు నిమిషాల తర్వాతకు మార్చి, టీవీలో ఒక వీడియో పెట్టి కూర్చోండి. సమయం రాగానే బొమ్మ ఆగకపోయినా కంగారుపడవద్దు. వీడియో యాప్‌లు కొంత భాగాన్ని ముందుగానే తెచ్చిపెట్టుకుంటాయి, అది ఖర్చయ్యేదాకా బొమ్మ నడుస్తుంది. ఒకటి రెండు నిమిషాల్లో ఆగిపోయి చక్రం తిరుగుతుంటే నియమం సరిగానే ఉంది. పది నిమిషాలు దాటినా హాయిగా నడుస్తుంటే ఆ వీడియోను ఆపి, మరొకటి పెట్టి చూడండి. కొత్తది రాకపోతే మీ రూటర్ పాత కనెక్షన్లను తెంచని రకం అన్నమాట, అందుకే పదిహేను నిమిషాల ముందే మొదలుపెట్టాం. కొత్తది కూడా వస్తే నియమం ఆ టీవీకి అసలు తగలడం లేదు.

అప్పుడు వెతకవలసిన కారణాలు కొన్నే. రూటర్‌లో ప్రస్తుతం కలిసి ఉన్న పరికరాల జాబితా తెరిచి, టీవీ ఏ మ్యాక్ అడ్రస్‌తో కనిపిస్తోందో చూడండి. మీరు రాసింది ఈథర్‌నెట్‌ది, టీవీ వాడుతున్నది వైఫైది కావచ్చు. టీవీ జాబితాలోనే లేకపోతే ఇంట్లో రెండో రూటర్ ఉందేమో గుర్తుచేసుకోండి. పడకగదికి వైఫై అందాలని పెట్టిన రెండో రూటర్ తన వెనక ఉన్న పరికరాలన్నింటినీ దాచి, మొదటి రూటర్‌కు తానొక్కటే కనిపిస్తూ ఉండవచ్చు. అలాంటప్పుడు నియమాన్ని ఆ రెండో రూటర్‌లోనే రాయాలి. ఈ రెండూ కాకపోతే టీవీ ఎవరి ఫోన్ హాట్‌స్పాట్‌కైనా కలిసిందేమో టీవీ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో చూడండి. హాట్‌స్పాట్ మీ రూటర్ గుండా రాదు, దానికి రూటర్‌లో మందు లేదు. టీవీ గుర్తుపెట్టుకున్న నెట్‌వర్క్‌ల నుంచి దాన్ని తొలగించి, ఫోన్ హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ మార్చడమే మార్గం.

టీవీ ప్రొఫైల్‌ను కూడా ఇలాగే పరీక్షించాలి. ఒక రోజుకు పరిమితిని అతి తక్కువకు తగ్గించి, హెచ్చరికలు వస్తున్నాయో లేదో చూసి, సమయం ముగిసిన తెర వచ్చాక మూడు పనులు చేయండి. ప్రొఫైల్ మార్చడానికి ప్రయత్నించండి, పిన్ అడగాలి. టీవీని ఆపి మళ్లీ పెట్టండి, అదే తెర రావాలి. రిమోట్‌లో ఇన్‌పుట్ లేదా సోర్స్ బటన్ నొక్కి సెట్‌టాప్ బాక్స్‌కు మారండి, చానళ్లు వస్తే ఆ దారి తెరిచే ఉందని తెలుస్తుంది. మన ఉదాహరణలోని ఇంట్లో ఈ మూడో పరీక్షలో చానళ్లు వచ్చాయి. పెద్దావిడ వార్తలకు అది అవసరం కాబట్టి ఆ దారిని మూయకుండా, సెట్‌టాప్ బాక్స్‌లో కార్టూన్ చానళ్లకు మాత్రం పిన్ తాళం పెట్టారు. పరీక్ష అయ్యాక మార్చిన సమయాలన్నీ తిరిగి సరిచేయడం మరవకండి.

ఐదో అడుగు: పిల్లలకు ముందుగా చెప్పండి

నియమం మొదలయ్యే ముందు రోజు పిల్లలను కూర్చోబెట్టి, ఏ రోజు ఎంతసేపు చూడవచ్చు, ఏ వేళ టీవీ రాదు, హెచ్చరిక వస్తే దాని అర్థం ఏమిటి అన్నది చూపించండి. చెప్పకుండా రూటర్‌తో ఇంటర్నెట్ ఆపేస్తే పిల్లలకు టీవీ పాడైనట్టు కనిపిస్తుంది, ఎందుకంటే రూటర్ ఆపినప్పుడు తెర మీద వచ్చేది నెట్‌వర్క్ దోషం అన్న సందేశమే తప్ప సమయం అయిపోయిందన్న మాట కాదు. ఏడేళ్ల పాప దాన్ని చూసి భయపడి అమ్మకు ఫోన్ చేస్తుంది, పదకొండేళ్ల బాబు సరిచేద్దామని రూటర్ వెనక ఉన్న రీసెట్ రంధ్రంలో పిన్నీసు పెట్టి నొక్కవచ్చు. రీసెట్ అయితే మీరు రాసిన నియమాలన్నీ పోయి, పాస్‌వర్డ్ మళ్లీ అడుగు చీటీ మీదిదే అవుతుంది. కొన్ని కనెక్షన్లలో సర్వీసు ఇచ్చేవారు వచ్చి సరిచేసేదాకా ఇంట్లో ఇంటర్నెట్టే ఉండదు. అందుకని రూటర్‌లోని బ్యాకప్ అవకాశంతో అమరికలను ఒక ఫైలుగా కంప్యూటర్‌లో దాచుకోండి, మ్యాక్ అడ్రస్‌లు రాసిన కాగితాన్ని కూడా పారేయకండి.

బోనస్ సమయం విషయంలో నేను కొంచెం కఠినంగానే చెబుతాను. దాన్ని ఏడుపు మొదలయ్యాక ఇవ్వకండి. బంధువులు వచ్చారు, ఒంట్లో బాగాలేక బిడ్డ మంచం మీద ఉంది, కథలో చివరి పది నిమిషాలు మిగిలాయి, ఇలాంటి కారణాలు ఉన్నప్పుడు అడగకముందే మీరే ఇవ్వండి. ఏడ్చిన తర్వాత ఇచ్చే బోనస్‌తో పరిమితి గంట నుంచి గంటా పావుకు, అక్కడి నుంచి గంటన్నరకు జరుగుతూ పోతుంది.

మొదటి రెండు వారాలు గడిచాక అంకెలను ఒకసారి తిరిగి చూడండి. ప్రతిరోజూ బోనస్ ఇవ్వవలసి వస్తోందంటే పరిమితి భాగాల నిడివికి సరిపోలేదని అర్థం, దాన్ని పది పదిహేను నిమిషాలు పెంచడం మేలు. పరిమితి ముగింపు తెర అసలు ఎన్నడూ రాకపోతే సంతోషించే ముందు, పిల్లలు వేరే దారిలో చూస్తున్నారేమో మొదటి అడుగులో రాసుకున్న జాబితాతో పోల్చుకోండి.

బడికి పెద్ద సెలవులు ఇచ్చినప్పుడు రూటర్ నియమాన్ని తొలగించకుండా, దాని పక్కన ఉండే ఆన్ ఆఫ్ మీటతో ఆపి ఉంచండి, బడి తెరిచే ముందు రోజు మళ్లీ ఆన్ చేయవచ్చు. టీవీ మార్చినా, కొత్త స్టిక్ కొన్నా, రూటర్ మార్చినా పాత మ్యాక్ అడ్రస్‌తో రాసిన నియమం కొత్త పరికరానికి వర్తించదు కాబట్టి, పెట్టె విప్పిన రోజే మూడో అడుగునూ నాలుగో అడుగునూ మళ్లీ చేయండి.